ధాన్యపు డబ్బాకు పేటెంట్: క్లెయిముల రచన

పేటెంట్ దరఖాస్తులో హక్కు ఎంతవరకో తేల్చేవి క్లెయిములే. పరికరాన్ని వివరణలో ఎంత చెప్పినా, క్లెయిములో అడగనిదానికి రక్షణ ఉండదు.

ఉదాహరణకు ఒక చవక డబ్బా అనుకుందాం. లోపలి గోడకు సన్నని రంధ్రాలు, బయట మరో గోడ. గాలి కోసం రంధ్రాల్లోంచి బయటికొచ్చిన పురుగులు అడుగున గరాటులోంచి గిన్నెలో పడతాయి. గిన్నెకు పైన జరిపే మూత ఉంది. దాన్ని మూసి గిన్నె విప్పితే పురుగులు తిరిగి ధాన్యంలోకి వెళ్లవు.

"రంధ్రాల గోడ గల ధాన్యపు డబ్బా" అని మొదటి క్లెయిము రాస్తే నిలవదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం అలాంటి డబ్బాను ఇదివరకే రూపొందించింది. "2 మి.మీ. రంధ్రాలున్న జింకు పూత రేకు" అని బిగిస్తే, పోటీదారు ప్లాస్టిక్‌తో చేసి తప్పించుకుంటాడు. కాబట్టి రెండు గోడలు, గరాటు, విప్పే గిన్నె, వాటి మధ్య జరిపే మూత, ఇవి ఒకదానికొకటి ఎలా అమరాయో మొదటి క్లెయిములో చెప్పాలి. కొత్తదనం ఆ మూతలోనే ఉంది. రేకు, రంధ్రాల కొలత దానిపై ఆధారపడే తర్వాతి క్లెయిముల్లోకి వెళ్లాలి. మొదటిది వీగిపోయినా అవి నిలబడే అవకాశం ఉంటుంది.

"చవకైన", "సమర్థమైన" వంటి మాటలకు హద్దు లేదు గనుక పరీక్షకుడు స్పష్టత లేదని అభ్యంతరం చెప్పవచ్చు. వివరణలో లేని భాగాన్ని క్లెయిములో చేర్చడమూ కుదరదు. భారత్‌లో క్లెయిములు 10 దాటితే ప్రతి అదనపు క్లెయిముకూ రుసుము కట్టాలి.