బ్లోయర్ నోటి దగ్గరి వంపు

కొత్త హోటల్ వంటగదిలో పొయ్యిలన్నీ వెలిగించాక పొగ పైకి పోకుండా హుడ్ కిందే తచ్చాడుతుంటే, యజమాని మొదట అనే మాట ఒకటే: "బ్లోయర్ చిన్నది అంటగట్టారు." బ్లోయర్ అమ్మినాయన కేటలాగ్ తెరిచి, గంటకు ఇన్ని వేల ఘనపు మీటర్ల గాలి లాగుతుందని వేలు పెట్టి చూపిస్తాడు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. గాలి తక్కువ వస్తున్న మాట వాస్తవం, బ్లోయర్‌లో లోపం లేని మాటా వాస్తవం. తేడా టెర్రస్ మీద, డక్ట్ వచ్చి బ్లోయర్‌ను కలిసే ఆ చివరి మూడడుగుల్లో ఉంటుంది.

అది అర్థం కావాలంటే ముందు బ్లోయర్‌ను ఎలా ఎంచుతారో తెలియాలి. హుడ్, నూనె పట్టే ఫిల్టర్లు, డక్ట్, మలుపులు ఇవన్నీ గాలిని అడ్డుకుంటాయి. వాటిని దాటించడానికి కావలసిన ఒత్తిడిని నీటిమట్టం మిల్లీమీటర్లలో కొలుస్తారు. U ఆకారపు గొట్టంలో నీళ్లు పోసి ఒక కొసను డక్ట్‌కు తగిలిస్తే, రెండు వైపులా నీటి ఎత్తుల్లో కనిపించే తేడాయే ఆ ఒత్తిడి. లెక్క కోసం ఒక వంటగదిని ఊహించుకుందాం. పొయ్యిల మీది ఆవిరీ పొగా పోవడానికి గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలి లాగాలి. అంత గాలి నడిచేటప్పుడు అడ్డంకులన్నీ కలిపి 50 మిల్లీమీటర్లు అవుతాయని డిజైనర్ లెక్కగట్టాడు.

ఈ 50 స్థిరమైన అంకె కాదు. గాలి సగమైతే అడ్డంకి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. 5,000 దగ్గర అది పన్నెండున్నర మిల్లీమీటర్లే. గాలిని 12,000కు పెంచితే 72కు ఎగబాకుతుంది. అడ్డంగా గాలి, నిలువుగా ఒత్తిడి పెట్టి ఈ బిందువులను కలిపితే పైకి వంగుతూ లేచే గీత వస్తుంది. దాన్ని సిస్టమ్ కర్వ్ అంటారు. అది పూర్తిగా డక్ట్ స్వభావం. బ్లోయర్‌కు దానితో సంబంధం లేదు.

బ్లోయర్‌కు తన గీత తనకుంది. దాని మీద గాలి పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. ఈ రెండు గీతలూ ఎక్కడ కోసుకుంటే బ్లోయర్ అక్కడే పనిచేస్తుంది. ఇందులో బేరాల్లేవు. బ్లోయర్ పళ్లెం మీద 10,000 అని చెక్కి ఉన్నా, డక్ట్ ఒప్పుకోకపోతే 10,000 రాదు. అందుకే 10,000 దగ్గర 50 మిల్లీమీటర్లు ఇచ్చే బ్లోయర్ కావాలని అడుగుతారు. ఆ బిందువు ఫ్యాన్ గీత శిఖరానికి కుడివైపున, సామర్థ్యం బాగా ఉన్న భాగంలో పడేలా చూసుకుంటారు. శిఖరానికి ఎడమన పడితే గాలి నిలకడగా ఉండదు, బ్లోయర్ గురగురలాడుతుంది. మన డిజైనర్ ఇవన్నీ సరిగ్గానే చూసుకున్నాడనుకుందాం.

అయితే కేటలాగ్‌లోని గీత ప్రయోగశాలలో పుట్టింది. అక్కడ బ్లోయర్ నోట్లోకి గాలి తిన్నగా, అన్ని వైపుల నుంచీ ఒకే వేగంతో, సుడి తిరగకుండా వెళుతుంది. బయటికి వచ్చాక దానికి నేరుగా సాగే డక్ట్ ఉంటుంది. బండి కొనేటప్పుడు చెప్పే మైలేజీ లాంటిదే ఇదీ, ఆ రోడ్డు మీద ఆ వేగంతో నడిపితే వచ్చే లెక్క. కేటలాగ్ అబద్ధమాడదు గానీ, ఏ పరిస్థితుల్లో కొలిచారో ఎవరూ పెద్దగా చదవరు.

టెర్రస్ మీదికి వద్దాం. కింది నుంచి షాఫ్ట్‌లో నిలువుగా లేచిన డక్ట్ స్లాబ్ దాటగానే తొంభై డిగ్రీలు తిరిగి బ్లోయర్‌లోకి దూరుతుంది. పక్కన నీళ్ల ట్యాంకు, ఇటువైపు లిఫ్ట్ గది, చోటు లేదు. అందుకని రెండు రేకు ముక్కలను మూలమట్టంగా కోసి అతికిన ఎల్బోను తెచ్చి నేరుగా బ్లోయర్ నోటికే బోల్టు బిగించారు. ఆ పదునైన మూల దగ్గర గాలి తిరగలేక బయటి గోడకేసి కొట్టుకుంటుంది. లోపలి గోడ పక్కన ఖాళీ ఏర్పడి సుడులు లేస్తాయి. ఫలితంగా ఇంపెల్లర్ నోటిలో ఒక సగానికి గాలి కిక్కిరిసి అందుతుంది, రెండో సగం దాదాపు ఖాళీగా తిరుగుతుంది. ప్రతి బ్లేడూ ఒక చుట్టులోనే ఒకసారి బరువెక్కుతుంది, ఒకసారి తేలికవుతుంది. బ్లేడ్ల వంపును ఏ కోణంలో వచ్చే గాలి కోసం దిద్దారో, ఆ కోణంలో గాలి రావడమే లేదు. శబ్దం పెరుగుతుంది, అదురుతుంది, కాలక్రమంలో బేరింగుల మీదా భారం పడుతుంది.

దీనికి సిస్టమ్ ఎఫెక్ట్ అని పేరు. ఫ్యాన్ తయారీదారుల అంతర్జాతీయ సంఘం ఆమ్కా తన 201వ నంబరు ప్రచురణలో ఏ అమరికకు ఎంత నష్టమో పట్టికలుగా ఇచ్చింది. నోటి దగ్గర గాలి వేగం నుంచి పుట్టే ఒత్తిడికి ఇన్ని రెట్లు అని ఆ లెక్క. మన బ్లోయర్ నోటి వ్యాసం 560 మిల్లీమీటర్లు అనుకుంటే అక్కడ గాలి సెకనుకు పదకొండు మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. ఆ వేగానికి ఒత్తిడి సుమారు 7.8 మిల్లీమీటర్లు. మూలమట్టపు ఎల్బోను మధ్యలో తిన్నటి డక్ట్ లేకుండా తగిలిస్తే నష్టం దానికి సుమారు 3.2 రెట్లు, అంటే 25 మిల్లీమీటర్లు. ఎల్బో తనంత తానుగా కలిగించే మామూలు నష్టం ఇందులో లేదు, అది ముందే 50లో చేరింది. కాబట్టి బ్లోయర్‌ను 50కి కాదు, 75కి ఎంచాల్సింది.

ఆ 75కి గీసిన ఊహా సిస్టమ్ కర్వ్ మన బ్లోయర్ గీతను దాదాపు 8,800 దగ్గర కోస్తుందనుకుందాం. వంటగదిలో పొగ నిలవడానికి ఆ 1,200 లోటు చాలు.

అసలు చిక్కు ఈ 25 మిల్లీమీటర్లు ఏ గేజీలోనూ కనిపించకపోవడం. అది డక్ట్‌లో ఎక్కడో ఖర్చయిన ఒత్తిడి కాదు, బ్లోయర్ పుట్టించలేకపోయిన ఒత్తిడి. పట్టికలో దాన్ని నష్టంగా రాసేది లెక్క కుదరడం కోసమే. సైట్‌లో కొలిస్తే గాలి 8,800, బ్లోయర్‌కు అటూ ఇటూ ఒత్తిడి తేడా 39 మిల్లీమీటర్లు చూపిస్తాయి. 39 చూసి డిజైనర్ ఊపిరి పీల్చుకుంటాడు, ఎందుకంటే 8,800 దగ్గర అతని డక్ట్‌కు పడాల్సిన అడ్డంకి సరిగ్గా అంతే. కానీ కేటలాగ్ గీత మీద 8,800 దగ్గర బ్లోయర్ 58 ఇవ్వాలి. కొలిచిన బిందువు డక్ట్ గీత మీదే ఉంది, ఫ్యాన్ గీతకు మాత్రం బాగా కింద పడింది. ఇదే గుర్తు. డక్ట్ లెక్కే తప్పయి ఉంటే, ఫిల్టర్లు నూనెతో మూసుకుపోయి ఉంటే, బిందువు ఫ్యాన్ గీత మీదే ఉండి పైకి, ఎడమకు జరిగేది. ఈ రెండు రోగాలనూ వేరుచేయకుండానే బ్లోయర్ మార్చేయడం మామూలు.

అయితే గీతకు కింద పడిన ప్రతి బిందువుకూ ఎల్బోనే నిందించకూడదు. ముందు వేగం కొలవాలి, బెల్టు జారుతుందేమో చూడాలి. కరెంటు ఫేజులు తారుమారై ఇంపెల్లర్ వెనక్కి తిరుగుతుందేమో చూడాలి. సెంట్రిఫ్యుగల్ బ్లోయర్ వెనక్కి తిరిగినా గాలిని అదే వైపుకు తోస్తుంది, కాకపోతే బాగా తక్కువగా. అందుకే చేయి పెట్టి గాలి వస్తోందని తృప్తిపడిన వాళ్లకు ఆ తప్పు పట్టుబడదు. ఆంపియర్లనూ పూర్తిగా నమ్మలేం. నోటి దగ్గరి సుడి ఇంపెల్లర్ తిరిగే వైపే తిరుగుతుంటే ఒత్తిడితో పాటు మోటారు లాగే కరెంటూ తగ్గుతుంది, మోటారు హాయిగా ఉన్నట్టే కనిపిస్తుంది. సుడి ఎదురుగా తిరిగితే కరెంటు పెరుగుతుంది.

సైట్‌లో అందరికీ తోచే మందు పుల్లీ మార్చి వేగం పెంచడం. 8,800ను 10,000 చేయాలంటే వేగాన్ని పదమూడున్నర శాతం పెంచాలి. వినడానికి చిన్నదే. కానీ బ్లోయర్ లాగే శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 47 శాతం ఎక్కువవుతుంది. షాఫ్ట్ దగ్గర 2.1 కిలోవాట్లు లాగుతున్నది 3.1కి చేరుతుంది. 3 హెచ్‌పీ మోటారు తీసేసి 5 హెచ్‌పీ పెట్టాలి. ఇంపెల్లర్ ఆ వేగానికి తట్టుకుంటుందో లేదో తయారీదారును అడగాలి. రోజుకు పది గంటలు నడిచే వంటగదిలో ఆ అదనపు కిలోవాటు ఏడాదికి 3,600 యూనిట్లు దాటుతుంది. ఒక రేకు మూలకు కట్టే కరెంటు బిల్లు అది.

ఎల్బోను మారిస్తే లెక్క వేరు. అదే మూలమట్టపు ఎల్బోకూ బ్లోయర్‌కూ మధ్య నోటి వ్యాసానికి రెండు రెట్ల తిన్నటి డక్ట్ పెడితే, అంటే 1.1 మీటర్లు వదిలితే, 25 కాస్తా 16కు దిగుతుంది. ఐదు రెట్లు వదిలితే సుమారు 8. అంత చోటు లేకపోతే నాలుగైదు ముక్కలతో గుండ్రంగా తిరిగే బెండ్ చేయించాలి. దాని మధ్యరేఖ వ్యాసార్ధం డక్ట్ వ్యాసమంత ఉంటే, నోటికి నేరుగా తగిలించినా నష్టం సుమారు 9 మాత్రమే. నాకైతే ఇదే తెలివైన ఖర్చు అనిపిస్తుంది. డక్ట్ పనివారికి ఒక పూట పని, అంతే. గాలిని తిప్పే రెక్కలను ఎల్బో లోపల అమర్చడం మరో దారి. కానీ వంటగది డక్ట్‌లో వాటికి జిడ్డు పేరుకుంటుంది, శుభ్రం చేసే వీలు లేకపోతే నిప్పంటుకునే ప్రమాదం కూడా. ఇంకొకటి కాన్వాస్ జోడింపు. లాగే వైపున దాన్ని వదులుగా కుడితే లోపలికి పీల్చుకుపోయి నోటిని సన్నం చేస్తుంది. బ్లోయర్ నడుస్తున్నప్పుడు చూస్తేనే ఇది కనబడుతుంది.

బయటికి తోసే వైపునా ఇలాంటి తగాదా ఉంది గానీ కారణం వేరు. స్క్రోల్ నుంచి గాలి నోటి మొత్తం వెడల్పునా రాదు, బయటి అంచును పట్టుకుని వేగంగా దూసుకొస్తుంది. అది నిమ్మళించి డక్ట్ అంతా పరుచుకుంటేనే ఆ వేగంలో కొంత ఉపయోగపడే ఒత్తిడిగా మారుతుంది. సెకనుకు పదమూడు మీటర్ల లోపు వేగాలకు వ్యాసానికి రెండున్నర రెట్ల తిన్నటి డక్ట్ కావాలని ఆమ్కా లెక్క. మన బ్లోయర్‌కు అది 1.4 మీటర్లు. అంతకుముందే మలుపు తిప్పక తప్పకపోతే, ఇంపెల్లర్ ఏ దిశలో తిరుగుతుందో బెండ్ కూడా ఆ దిశలోనే తిరగాలి. ఎదురుగా తిప్పితే నష్టం పెరుగుతుంది.

ఈ రెట్ల లెక్కలు ఉజ్జాయింపులే. ఒక బ్లోయర్ రకానికీ మరో రకానికీ తేడా ఉంటుంది. ఎల్బో, దాని వెనకే మరో ఎల్బో, పైన బిగుసుకున్న కాన్వాస్, ఇలా మూడూ ఒకచోట చేరితే పట్టికలో అంకెలు కూడి జవాబు రాబట్టలేం. డిజైన్‌లో ఇరవై శాతం "సేఫ్టీ" కలిపేసి దాన్ని సిస్టమ్ ఎఫెక్ట్‌కు జవాబు అనుకునే అలవాటు కూడా మంచిది కాదు. మన లెక్కలో ఆ ఇరవై శాతం పది మిల్లీమీటర్లే అవుతుంది, కావలసింది ఇరవై ఐదు. అమరిక బాగున్న మరో సైట్‌లో అదే ఇరవై శాతం అనవసరపు గాలినీ కరెంటునూ తెచ్చిపెడుతుంది.

బ్లోయర్ ఆర్డరు ఇచ్చేటప్పుడు గాలి, ఒత్తిడి, హెచ్‌పీలతో పాటు ఇంపెల్లర్ ఎటు తిరగాలి, గాలి ఏ కోణంలో బయటికి రావాలి అని కూడా తయారీదారు అడుగుతాడు. ఆ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా "స్టాండర్డ్" అని రాసేస్తారు. టెర్రస్ కొలతలు ముందు పెట్టుకుని, నీళ్ల ట్యాంకు ఎటుంది, షాఫ్ట్ ఎక్కడ తేలుతుంది అని చూసి ఆ గడి నింపితే, బయటి వైపు బెండ్ చాలాసార్లు అసలు అవసరమే పడదు. బ్లోయర్‌ను నాలుగడుగులు పక్కకు జరిపి కూర్చోబెడితే నోటి వైపు తిన్నటి డక్ట్‌కూ చోటు దొరుకుతుంది. పునాది దిమ్మెకు కాంక్రీటు పోయకముందు ఆ జరపడానికి ఖర్చేమీ లేదు.