తేడా అంతా వల లోతులోనే

2023 అక్టోబరులో ముంబయిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం జరిగింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంటుందని అక్కడే తేలింది. ఆ వార్త మనదేశంలో దాదాపు అందరి చెవినా పడింది. ఆ రోజు ఖరారైన జాబితాలోనే లాక్రోస్ అనే ఆట కూడా ఉందన్న సంగతి మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు.

అమెరికాలో, ముఖ్యంగా మేరీల్యాండ్, న్యూజెర్సీ వంటి తూర్పు రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. చలి తగ్గగానే అక్కడి బడుల్లో లాక్రోస్ మొదలవుతుంది. కొడుకు ఆడతానంటే ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, భుజాలకూ చేతులకూ ప్యాడ్లు, మందపాటి గ్లవ్స్ కొనాలి. అదే కూతురు ఆడతానంటే కళ్లకు గాగుల్స్, పళ్లకు మౌత్‌గార్డ్ ఉంటే సరిపోతుంది. ఇద్దరూ ఆడేది అదే బంతితోనే, కొట్టేది అదే కొలతల గోల్‌లోకే. మరి ఇంత తేడా ఎందుకు? జవాబు కోసం ముందు వాళ్ల చేతిలోని స్టిక్‌ను పరిశీలించాలి.

లాక్రోస్ ఉత్తర అమెరికా ఆదివాసుల ఆట. హౌడెనొసౌనీ తెగలవాళ్లు ఇప్పటికీ దాన్ని సృష్టికర్త ఇచ్చిన ఆటగా భావిస్తారు, ప్రపంచ పోటీల్లో తమ సొంత జెండాతో దిగుతారు. మాంట్రియల్‌లో దంతవైద్యుడైన విలియం జార్జ్ బీర్స్ 1860లలో దీనికి లిఖిత నియమాలు ఏర్పరిచాడు. ఆడపిల్లల ఆట స్కాట్లాండ్‌లోని సెయింట్ లియొనార్డ్స్ బడిలో 1890లో మొదలై, అక్కడి నుంచి అమెరికా చేరింది. అలా రెండు ఆటలూ వేర్వేరు దారుల్లో పెరిగాయి.

స్టిక్ అంటే పొడుగాటి కర్ర, దాని చివర ప్లాస్టిక్ చట్రం, చట్రానికి అల్లిన వల. చట్రాన్ని హెడ్ అంటారు. వలలో బంతి కూర్చునే గుంత పాకెట్. బంతి గట్టి రబ్బరుది, సుమారు 145 గ్రాములు ఉంటుంది. అంటే క్రికెట్ బంతికన్నా కొంచెం తేలిక. గోలీ తప్ప ఎవరూ బంతిని చేత్తో ముట్టుకోకూడదు. అందుకోవడం, మోయడం, విసరడం అన్నీ స్టిక్‌తోనే.

మ్యాచ్‌కు ముందు రిఫరీ స్టిక్‌లను తనిఖీ చేస్తాడు. హెడ్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని, పాకెట్‌లో బంతి పెట్టి, పక్కనుంచి చూస్తాడు. మగవాళ్ల స్టిక్ అయితే బంతి చట్రం అంచు దాటి కిందికి దిగినా తప్పు లేదు. బంతి పైభాగానికీ చట్రం అడుగు అంచుకూ మధ్య సందు కనిపించేంత లోతు మాత్రం ఉండకూడదు. ఆడవాళ్ల స్టిక్‌లో బంతి పైభాగం చట్రం పై అంచుకన్నా ఎత్తుగా కనిపించి తీరాలి. ఒకదానిలో బంతి లోపల దాక్కుంటుంది, ఇంకోదానిలో అంచు మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఈ కాస్త తేడా నుంచే మిగతావన్నీ పుట్టుకొస్తాయి.

అంత పైకి తేలే బంతి పరుగెత్తేటప్పుడు కింద పడకుండా ఉండాలంటే స్టిక్‌ను ఆడిస్తూ ఉండాలి. దీన్నే క్రేడ్లింగ్ అంటారు. నీళ్లున్న చెంబును గిరగిరా తిప్పితే చుక్క కింద పడదు కదా, ఇక్కడ పనిచేసేది కూడా అదే సూత్రం. హెడ్ వంపుగా కదులుతున్నంతసేపూ బంతి వలకు అదుముకుని ఉంటుంది. కదలిక ఆగిందంటే బరువుకు జారిపోతుంది.

కుడిచేతివాటం వాళ్లు కుడి చేతిని హెడ్‌కు దగ్గరగా, ఎడమ చేతిని కర్ర అడుగున ఉంచుతారు. హెడ్ చెవి పక్కన, స్టిక్ దాదాపు నిలువుగా ఉండాలి. పని చేసేది పై చెయ్యే. మణికట్టు లోపలికి మడుచుకుంటుండగా హెడ్ చెవి దగ్గరనుంచి ముక్కు దాకా వచ్చి, మళ్లీ చెవి దగ్గరికి వెళుతుంది. అడుగు చెయ్యి ఊరికే గొట్టంలా ఉండాలి, కర్ర అందులో తేలిగ్గా తిరగాలి. కొత్తవాళ్లు అడుగు చేతిని బిగించేస్తారు. అప్పుడు కర్ర తిరగదు, హెడ్ అటూ ఇటూ ఊగుతుందంతే. ఆ ఊపు చివర ఒక్క క్షణం ఆగుతుంది, బంతి అక్కడే జారిపోతుంది. బంతి ఎప్పుడూ ఒకే పక్కన పడుతోందంటే ఆ చివర మణికట్టు మడవడం లేదని అర్థం. ఇంకొకటి, కళ్లు బంతి మీద పెట్టకూడదు. బంతి వలలో ఉందో లేదో దాని బరువే చేతికి చెప్పాలి.

మగవాళ్ల లోతైన పాకెట్‌లో మణికట్టు చిన్నగా కదిలినా చాలు, బంతి నిలుస్తుంది. కొందరు ఒంటిచేత్తో పరుగెడుతూ రెండో చేతిని అడ్డుగా పెట్టుకుంటారు. ఆడవాళ్ల పాకెట్‌లో అంత వెసులుబాటు లేదు. క్రేడ్లింగ్ పెద్దదిగా, ఎడతెగకుండా సాగాలి. అందుకే ఈ ఒక్క విద్యలో అమ్మాయిలకు ముందునుంచే ఎక్కువ సాధన అవసరం.

తర్వాత నేర్చుకోవాల్సింది పాస్. క్రేడ్లింగ్‌లో హెడ్ దగ్గర ఉన్న పై చేతిని కొంచెం కిందికి జార్చి, రెండు చేతుల మధ్య సుమారు భుజాల వెడల్పు దూరం ఉంచాలి. ఒంటిని పక్కకు తిప్పి నిలబడి, పై చేతికి ఎదురుగా ఉన్న కాలు ముందు పెట్టాలి. మోచేతులు ఒంటికి అంటుకోకూడదు. అడుగు వేస్తూ పై చేతిని ముందుకు తొయ్యాలి, అదే క్షణంలో అడుగు చేతిని ఒంటివైపు లాగాలి. ఈ తోపూ లాగుడూ కలిస్తేనే బంతికి వేగం వస్తుంది. చివర మణికట్టు విదిలించినప్పుడు హెడ్ బంతి వెళ్లాల్సిన చోటునే చూపాలి.

బంతి ఎక్కడికి పోయిందన్నదే తప్పు ఎక్కడ ఉందో చెబుతుంది. మన కాళ్ల ముందే నేలకు తగిలిందంటే బంతి వలలోంచి ఆలస్యంగా బయటపడిందన్నమాట. స్టిక్‌ను మరీ కిందిదాకా లాగి ఉండాలి, లేదా పాకెట్ మరీ లోతై తీగలు బంతిని పట్టి ఉంచి ఉండాలి. బంతి గాలిపటంలా పైకి లేచిపోతే, హెడ్ పూర్తిగా ముందుకు రాకముందే చెయ్యి ఆగిపోయిందని అర్థం. అడుగు చెయ్యి లాగకుండా పై చేత్తోనే నెట్టేవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది.

అందుకునేవాళ్లు హెడ్‌ను ముఖం పక్కన చూపిస్తే అక్కడికే వెయ్యాలి. బంతి తగలగానే హెడ్‌ను చెవి వెనక్కి తీసుకుపోవాలి. కొట్టడానికి వెళ్లినట్టు ఎదురు వెళితే బంతి వల మీదనుంచి ఎగిరి పడుతుంది. ఇవన్నీ ఒంటరిగా నేర్చుకోవడానికి గోడ చాలు. నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడి గోడకు విసిరి అందుకుంటూ, కుడిచేత్తో కొన్ని, ఎడమచేత్తో అన్నే చెయ్యాలి. కుడిచేత్తో మాత్రమే ఆడేవాడు ఏ వైపు తిరుగుతాడో డిఫెండర్ ముందే పసిగట్టేస్తాడు.

ఇక నియమాలు. ఒకే సన్నివేశాన్ని రెండు ఆటల్లోనూ చూద్దాం. అటాకర్ పాస్ అందుకుని, క్రేడ్లింగ్ చేసుకుంటూ గోల్ వైపు దూసుకొస్తున్నాడు. డిఫెండర్ ఎదురొచ్చాడు.

మగవాళ్ల ఆటలో ఆ డిఫెండర్ తన భుజంతో అటాకర్‌ను ఢీకొనవచ్చు. ఢీ ముందునుంచో పక్కనుంచో, నడుముకు పైన, మెడకు కింద తగలాలి. బంతి చేతిలో ఉన్నవాణ్నీ, నేలమీది బంతికి దగ్గర్లో ఉన్నవాణ్నీ మాత్రమే ఢీకొనాలి. స్టిక్‌తో అతని స్టిక్ మీద, గ్లవ్స్ మీద కొట్టి బంతి రాల్చవచ్చు. ఇందుకోసమే పది మంది జట్టులో నలుగురిదాకా ఆరడుగుల వరకూ పొడవుండే స్టిక్‌లు పట్టుకుంటారు. ఇన్ని దెబ్బలు తగిలినా బంతి చెదరకుండా ఉండటానికే పాకెట్‌కు ఆ లోతు, ఒంటికి ఆ కవచం. తలకు తగిలినా, వెనకనుంచి గుద్దినా డిఫెండర్ కనీసం ఒక నిమిషం బయట కూర్చోవాలి. ఆ నిమిషం అతని జట్టు ఒకరు తక్కువగా ఆడుతుంది.

ఆడవాళ్ల ఆటలో అదే డిఫెండర్ ఒంటితో ఢీకొడితే ఫౌల్. ఆమె కాళ్లు కదిలిస్తూ దారికి అడ్డు నిలిచి, అటాకర్‌ను పక్కకు తోలాలి. స్టిక్ మీద స్టిక్‌తో తట్టవచ్చు గానీ అదుపుగా, తలకు దూరంగా తట్టాలి. తలచుట్టూ ఊహించుకున్న గుండ్రటి హద్దులోకి స్టిక్ పోనివ్వకూడదు. చిన్న వయసు పోటీల్లో చాలాచోట్ల ఆ తట్టడం కూడా ఉండదు. పాకెట్ లోతు తక్కువ కాబట్టి చిన్న తాకిడికే బంతి రాలుతుంది, గట్టిగా కొట్టాల్సిన అవసరమే రాదు.

హెల్మెట్ లేని ఆట కాబట్టి మరో నియమం కూడా అవసరమైంది. గోల్ ముందు 8 మీటర్ల వంపు గీత ఉంటుంది. అటాకర్ షాట్‌కు సిద్ధంగా ఉన్నప్పుడు, ఎవరినీ కాపు కాయకుండా ఊరికే బంతి దారిలో నిలబడిన డిఫెండర్‌ది ఫౌల్ అవుతుంది. బంతి తగిలి గాయపడకూడదనే ఈ జాగ్రత్త. ఆ గీత లోపల పెద్ద ఫౌల్ జరిగితే, దెబ్బతిన్న అమ్మాయి 8 మీటర్ల గీత మీద బంతితో నిలబడుతుంది. మిగతావాళ్లు 4 మీటర్లు దూరం జరగాలి. విజిల్ మోగగానే ఆమె గోల్‌కు పరుగెత్తవచ్చు, అక్కడినుంచే షాట్ కొట్టవచ్చు. మగవాళ్ల ఆటలో శిక్ష తప్పు చేసినవాడికి పడుతుంది, ఇక్కడ అవకాశం నష్టపోయిన అమ్మాయికి దక్కుతుంది.

ఆట మొదలయ్యే తీరు కూడా వేరు. మగవాళ్లలో ఇద్దరు నేలమీదకు వంగి, మధ్యనున్న బంతి కోసం స్టిక్‌లతో పెనుగులాడతారు. ఆడవాళ్లలో ఇద్దరూ నిలబడి, రెండు హెడ్‌ల మధ్య ఇరికించిన బంతిని తలకన్నా పైకి ఎగరేస్తారు.

2028లో ఒలింపిక్స్‌లో కనిపించేది సిక్సెస్ అనే చిన్న రూపం. గోలీతో కలిపి జట్టుకు ఆరుగురే, మైదానం చిన్నది, 30 సెకన్లలోపు షాట్ కొట్టాలి. గోల్ పడగానే గోలీ బంతి తీసుకుని ఆట సాగిస్తాడు, మగవాళ్లకు ఆ పొడుగు స్టిక్‌లు ఉండవు. అందుకే అక్కడ క్రేడ్లింగ్, పాస్‌లు బాగా వచ్చిన జట్టుదే పైచేయి.

పిల్లలకు మొదటిసారి స్టిక్ కొనేవాళ్లకు ఒక మాట. అన్న వాడిన స్టిక్ చెల్లికి పనికొస్తుందని అనుకోవద్దు. ఆ లోతు పాకెట్‌తో అమ్మాయిల మ్యాచ్‌లో ఆడనివ్వరు. దుకాణంలోనే బంతిని వలలో పెట్టించి, పక్కనుంచి చూసి మరీ కొనండి.