కొటేషన్ పైన నాలుగు మాటలు

మా బావమరిది పెయింటింగ్ కాంట్రాక్టరు. అపార్టుమెంట్ల బయటి గోడలకు రంగులు వేయిస్తాడు. పనిలో వంక పెట్టలేం. ఫిబ్రవరిలో ఒకరోజు ఫోన్ చేసి, “బావా, కొటేషన్ పంపి పదిహేను రోజులైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రేటు ఎక్కువైందంటావా?” అన్నాడు. మెయిల్లో ఏం రాశావని అడిగాను. “ఏముంది, కొటేషన్ పెట్టా” అన్నాడు. నాకు పంపమన్నాను. నిజంగానే ఏమీ లేదు. “డియర్ సర్, ప్లీజ్ ఫైండ్ ద అటాచ్డ్ కొటేషన్” అని ఒక్క ముక్క, దాని కింద `Quotation_final_new2.pdf`. అంతే.

నేను రెండేళ్ళు మా అపార్టుమెంట్ అసోసియేషన్‌కు సెక్రటరీగా ఉన్నాను కాబట్టి అవతలి పక్క ఏం జరుగుతుందో తెలుసు. సెక్రటరీ ఆ మెయిల్‌ను ఆఫీసులోనో, బస్సులోనో ఫోన్లో చూస్తాడు. పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఇంటికెళ్ళి చూద్దామనుకుంటాడు, మర్చిపోతాడు. మరీ మంచివాడైతే దాన్ని కమిటీ వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు. అక్కడ ట్రెజరర్ గారు “మొత్తం ఎంత?” అంటారు. ఐదో అంతస్తు ఆయన “మా గోడ చెమ్మ సంగతి ఉందా?” అంటారు. సెక్రటరీ దగ్గర జవాబు ఉండదు. “సరే, మీటింగులో మాట్లాడదాం” అనే మాటతో ఆ కొటేషన్ కథ ముగుస్తుంది. రేటు ఎక్కువని ఎవరూ అనలేదు. అసలు రేటు ఎంతో ఎవరికీ తెలియలేదు.

అంటే మెయిల్ చదివేది ఒకరు, తేల్చేది అయిదారుగురు. ఆ అయిదారుగురి ముందు మన తరఫున మాట్లాడాల్సింది సెక్రటరీ. ఆయన పెయింటర్ కాదు. ఆయన చేతికి మాటలు అందించడమే ఈ మెయిల్ పని.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని మళ్ళీ రాశాం. భవనం అయిదంతస్తులది, 40 ఫ్లాట్లు. బయటి గోడలు, డక్టులు కలిపి కొలిస్తే 36,000 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 20 రూపాయలు, మెటీరియల్, కూలీ కలిపి. మా వాడి పీడీఎఫ్‌లో ఈ లెక్కంతా మూడో పేజీలో ఉంది, కింద “జీఎస్టీ అదనం” అని. కంపెనీలకైతే ఆ మాట సరిపోతుంది, కట్టిన పన్నును వాళ్ళు తమ లెక్కల్లో సర్దుకుంటారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని అసోసియేషన్‌కు ఆ 18 శాతం కూడా జేబులోంచి పోయే డబ్బే. 7,20,000 అని చెప్పి చివర్లో 1,29,600 కలిపితే మోసం చేసినట్టే అనిపిస్తుంది. అందుకని మొత్తాన్ని పన్నుతో సహా పైకి తెచ్చాం, దాన్ని నలభై పెట్టి భాగించాం. మీటింగులో కూర్చున్న ప్రతివాడూ మనసులో చేసే లెక్క అదే కదా!

చివరికి తయారైన మెయిల్ ఇది:

“సెక్రటరీ గారికి నమస్కారం. మొన్న గురువారం మనిద్దరం తిరిగి చూసిన బయటి గోడల పెయింటింగుకు కొటేషన్ జత చేశాను. జీఎస్టీతో కలిపి మొత్తం రూ. 8,49,600. ఫ్లాటుకు రూ. 21,240 పడుతుంది.

పడమటి గోడకు నాలుగు, ఐదు అంతస్తుల దగ్గర పగుళ్ళున్నాయి. ఐదో అంతస్తు బెడ్‌రూముల్లో చెమ్మ వాటివల్లే వస్తుండవచ్చు. ఫోటోలు పెట్టాను. ఆ పగుళ్ళను కొంచెం వెడల్పుగా చెక్కి, క్రాక్ ఫిల్లర్ నింపి, ఆరాకే ప్రైమర్ వేస్తాం. ఆ ఖర్చు పై మొత్తంలోనే ఉంది. మెట్లు, కారిడార్లు, కాంపౌండ్ వాల్ ఇందులో లేవు.

పనికి 45 రోజులు పడుతుంది. మార్చి 15 లోగా ఖాయం చేస్తే 25న మొదలుపెట్టి మే 10 కల్లా జూలాలు దించేస్తాం. అది దాటితే పని వానల్లో పడుతుంది. తడి గోడ మీద రంగు వేయం కాబట్టి దసరా తర్వాతే మొదలుపెట్టగలం. ఈ రేటు మార్చి 31 వరకు ఉంటుంది.

8వ తేదీ మీటింగులో సరే అనుకుంటే ఈ మెయిల్‌కే ‘ఖాయం’ అని జవాబివ్వండి. అడ్వాన్సు 20 శాతం. రంగుల ఎంపిక తర్వాత చూసుకోవచ్చు. పిలిస్తే మీటింగుకు వచ్చి పావుగంట కూర్చుంటాను.”

చదవడానికి నిమిషం పట్టదు. సబ్జెక్ట్ లైన్ “8వ తేదీ మీటింగుకు: బయటి పెయింటింగ్ కొటేషన్” అని పెట్టాం. ఫోన్లో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి. కంపెనీ పేరు ముందు పెడితే అదొక్కటే కనిపిస్తుంది, ఎప్పుడు తెరవాలో తెలియదు. రేటు కూడా సబ్జెక్టులోనే పెడదామన్నాను. మా వాడు ఒప్పుకోలేదు. పని ఏమిటో చూడకుండా అంకె ఒక్కటే చూస్తారని వాడి భయం. వాదించాను గానీ వాడన్నదే సబబు అనిపించింది.

మెయిల్లో పగుళ్ళ మాట ఎందుకంత పొడుగ్గా రాశామో చెప్పాలి. తక్కిన కాంట్రాక్టర్లు కూడా ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ అనే రాస్తారు. ఆ కాగితాలు పక్కపక్కన పెడితే తేడా అంకెల్లోనే కనిపిస్తుంది, తక్కువ అంకె గెలుస్తుంది. పడమటి గోడ పగుళ్ళ గురించి రాసినవాడు మాత్రం ఆ భవనం చుట్టూ తిరిగాడని తెలుస్తుంది. ఐదో అంతస్తు ఆయన మీటింగులో వాడి తరఫున మాట్లాడతాడు. మా వాడు మొదట “పదిహేనేళ్ళ అనుభవం, నాణ్యతే మా ధ్యేయం” అని మొదలుపెట్టబోయాడు. కొట్టేయించాను. ఆ వాక్యాన్ని ఏ కాంట్రాక్టరైనా రాసుకోవచ్చు, ఈ గోడ ఫోటో మాత్రం వీడి దగ్గరే ఉంది.

గడువు సంగతి ఇంకాస్త నాజూకైనది. తొందరపెట్టడానికి కొందరు “ఈ వారమే ఈ ఆఫర్” అని రాస్తారు. నెల తర్వాత ఫోన్ చేస్తే అదే రేటుకు ఒప్పుకుంటారు. కమిటీ వాళ్ళకు ఆ కిటుకు తెలుసు, అలాంటివాడి దగ్గర ఇంకా బేరం చేస్తారు. మా మెయిల్లోని మార్చి 15 వానల లెక్కలోంచి వచ్చింది. తెలంగాణలో నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదట్లోనో, రెండో వారంలోనో వస్తాయి. మే చివర్లో గాలివాన పడినా జూలా మీద మనిషిని నిలబెట్టలేం. తడి ఆరని గోడకు వేసిన రంగు బుడగలు లేచి ఊడిపోతుంది. కారణం చెప్పాం కాబట్టి సెక్రటరీ దాన్ని మీటింగులో తన మాటగానే చెప్పుకోవచ్చు.

మార్చి 31 వేరే లెక్క. భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని సెక్షన్ 6 ప్రకారం ప్రతిపాదనలో గడువు పెడితే, ఆ లోగా ఒప్పుకోకపోతే అది రద్దవుతుంది. గడువు పెట్టకపోతే ‘సమంజసమైన కాలం’ దాటాక రద్దవుతుంది. ఆ సమంజసం ఎన్ని రోజులన్నది గొడవ వచ్చాకే తేలుతుంది. మధ్యలో పెయింటు కంపెనీ ధర పెంచితే ఎవరు భరించాలో పేచీ. గడువు రాసుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

ఇలాంటి మెయిళ్ళలో నేను తరచుగా చూసిన తప్పు ఒకటుంది. పీడీఎఫ్‌లో మూడేళ్ళ గ్యారంటీ అని ఉంటుంది, ఉత్సాహంలో మెయిల్లో ఐదేళ్ళని రాస్తారు. లేదా పాత రేటు ఒకచోట, కొత్త రేటు మరోచోట. చూసినవాళ్ళు తమకు లాభమైనదే పట్టుకుంటారు, లేకపోతే రెంటినీ నమ్మరు. మెయిల్ పంపేముందు అందులోని ప్రతి అంకెనూ పీడీఎఫ్‌తో వేలు పెట్టి సరిచూసుకోవాలి. ఫైల్ పేరులో కూడా `final_new2` లాంటివి వద్దు, అది చూస్తే ఇంకో రేటు ఎక్కడో ఉందనిపిస్తుంది.

8న మీటింగ్ జరిగింది. 9న జవాబు లేదు, 10న లేదు. మా వాడు “సర్, ఏమైంది?” అని వాట్సాప్ పెడతానన్నాడు. ఆపాను. అలా అడిగితే “ఇంకా అనుకోలేదండీ” అనే వస్తుంది. పాత మెయిల్‌కే జవాబుగా, పై కొటేషన్ కనిపించేలా, మూడు వాక్యాలు రాయించాను: “బుధవారం మీ గేటు పక్క గోడ మీద రెండు షేడ్లు మూడడుగుల ముక్కలుగా వేసి చూపిస్తాను, దానికి డబ్బులేమీ వద్దు. 25 నుంచి జూలాల టీమును మీకోసం ఖాళీగా ఉంచాను. పని వేరేవాళ్ళకు ఇచ్చి ఉంటే ఆ ఒక్క మాట రాయండి, టీమును ఇంకో సైటుకు పంపుకుంటాను.” చివరి వాక్యం రాయడానికి మనసొప్పలేదు వాడికి. మనమే వద్దనమని చెప్పినట్టుందన్నాడు. కానీ జవాబివ్వకుండా తప్పించుకునేవాళ్ళు మొహమాటంతోనే అలా చేస్తారు. కాదనడానికి దారి చూపితే, కాదో అవునో ఏదో ఒకటి వస్తుంది.

మర్నాడు సాయంత్రం వచ్చింది. వాడు సంబరంగా ఫోన్ చేశాడు. “బావా, ఖాయమని రాశారు! కాంపౌండ్ వాల్ కూడా కలిపి, అదే రేటుకు అన్నారు. అడ్వాన్సు అడగనా?”

ఆగమన్నాను. ఒప్పుకోలు ఏ షరతూ లేకుండా ఉండాలంటుంది అదే చట్టంలోని సెక్షన్ 7. కాంపౌండ్ వాల్ కలిపి అంటే అది ఒప్పుకోవడం కాదు, వాళ్ళు పెట్టిన కొత్త ప్రతిపాదన. ఇప్పుడు మా వాడు “థాంక్యూ సర్” అని జవాబిస్తే దానికి ఒప్పుకున్నట్టవుతుంది. మెయిళ్ళ మీద కుదిరిన ఒప్పందమే కదా అని తీసిపారేయడానికీ లేదు, ఐటీ చట్టం సెక్షన్ 10ఎ ప్రకారం అదీ చెల్లుతుంది. పైగా ‘అదే రేటు’ అంటే చదరపు అడుగుకు 20 రూపాయలా, మొత్తం 8,49,600 లోనేనా?

వాడు టేపు పట్టుకెళ్ళి గోడ కొలుచుకొచ్చాడు. లోపలి వైపు, బయటి వైపు కలిపి 3,400 చదరపు అడుగులు. రాత్రి తొమ్మిదింటికి అదే మెయిల్ కింద ఇలా రాశాడు, ఈసారి నన్నడక్కుండానే:

“సంతోషం సర్. కాంపౌండ్ వాల్ మొదటి కొటేషన్లో లేదు. అదే 20 రూపాయల చొప్పున పన్నుతో రూ. 80,240 అవుతుంది. మొత్తం రూ. 9,29,840, ఫ్లాటుకు రూ. 23,246. గోడ వద్దనుకుంటే పాత మొత్తానికే చేస్తాను. రెంటిలో ఏది ఖాయమో రాయండి.”