అనేక అంశాల దరఖాస్తు: తెలిసినదానికి జవాబు, తెలియనిదానికే ప్రశ్న

సమాచార హక్కు చట్టం, 2005 కింద వచ్చే దరఖాస్తుల్లో ఒకే కాగితం మీద ఐదారు అంశాలు అడగడం మామూలే. వాటిలో ఒకటి అర్థం కాకపోతే మొత్తం దరఖాస్తును పక్కన పెట్టాలా? అవసరం లేదని, అలా పెట్టడం ప్రమాదమని ఈ పాఠ్యభాగం వివరిస్తుంది. ఇది చదివాక మీరు ఒక దరఖాస్తును అంశాలవారీగా విడదీసి, స్పష్టమైన వాటికి జవాబు, అస్పష్టమైన దానికి ప్రశ్న ఒకే లేఖలో రాయగలుగుతారు.

1. ఒక ఉదాహరణ

పాలకొల్లు పురపాలక సంఘంలో మీరు పౌర సమాచార అధికారి అనుకోండి. నవంబరు 4న మీకొక దరఖాస్తు అందింది. అందులో ఇలా ఉంది:

1. 2023-24లో మా వార్డులో వేసిన సిమెంటు రోడ్ల జాబితా, ఒక్కోదానికి మంజూరైన మొత్తం.
2. ఆ పనుల కొలతల పుస్తకం నకళ్లు.
3. గత మూడు నెలల వీధిదీపాల ఫిర్యాదుల రిజిస్టరు నకలు.
4. కాలువ పూడిక తీసిన వివరాలు.
5. మా వార్డు సచివాలయంలో ఇప్పుడు ఖాళీగా ఉన్న పోస్టులు ఎన్ని?

"మా వార్డు" అన్నారు గాని నంబరు రాయలేదు. అయితే దరఖాస్తు చివర ఇంటి చిరునామా ఉంది. దాన్నిబట్టి వార్డు తెలుస్తుంది కాబట్టి ఇది అడగవలసిన సంగతి కాదు. మీ దగ్గరున్న కాగితాల్లోనే దొరికే జవాబు కోసం పౌరునికి లేఖ రాయకూడదు.

నాలుగో అంశం వేరు. గోదావరి డెల్టా పట్టణంలో "కాలువ" అంటే వీధి పక్కన పారే మురుగు కాలువ కావచ్చు, పంట కాలువ కావచ్చు, పొలాల నీరు దించే డ్రెయిను కావచ్చు. మొదటిది మీ పురపాలక సంఘానిది. మిగిలిన రెండూ జలవనరుల శాఖవి. పైగా ఏ సంవత్సరం వివరాలో రాయలేదు. ఎన్ని కాగితాలు వెతికినా దరఖాస్తుదారు మనసులో ఏముందో తెలియదు. నిజంగా అడగవలసింది ఇదొక్కటే.

2. ఆగితే ఏమవుతుంది?

సెక్షన్ 7(1) ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా సమాచారం ఇవ్వాలి, లేదా కారణం చూపి నిరాకరించాలి. మన ఉదాహరణలో ఆ గడువు డిసెంబరు 4. నకళ్ల రుసుము చెల్లించమని లేఖ పంపిన రోజు నుంచి చెల్లింపు జరిగే వరకు పట్టిన రోజులను సెక్షన్ 7(3) గడువు నుంచి మినహాయిస్తుంది. కాని వివరణ అడిగి ఎదురుచూసిన రోజులను మినహాయించే నిబంధన చట్టంలో లేదు. చాలామంది పొరపడేది ఇక్కడే. "స్పష్టత లేదు, మళ్లీ రాయండి" అని మొత్తం దరఖాస్తును తిప్పి పంపితే, జవాబు వచ్చేలోగా మిగిలిన నాలుగు అంశాల గడువు కూడా కరిగిపోతుంది.

గడువు దాటితే నిరాకరించినట్లే అని సెక్షన్ 7(2) భావిస్తుంది. దరఖాస్తుదారు మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు. ఆ తరవాత ఇచ్చే సమాచారానికి సెక్షన్ 7(6) ప్రకారం రుసుము తీసుకోకూడదు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని సమాచార కమిషన్ తేల్చితే, సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండా జరిమానా పడుతుంది. అది అధికారి వ్యక్తిగతంగా కట్టవలసిన మొత్తం.

3. లేఖ ఎలా రాయాలి?

నవంబరు 6న మీరు ఒకే లేఖ పంపుతారు. దరఖాస్తులోని అంకెలనే ఉంచి, ప్రతి అంకె ఎదుట దాని స్థితి రాస్తారు. 1, 5 అంశాలకు సమాచారం లేఖలోనే ఇచ్చేస్తారు. 2, 3 అంశాలకు కొలతల పుస్తకం 18 పేజీలు, రిజిస్టరు 12 పేజీలు, మొత్తం 30 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 60 రూపాయలు చెల్లించవలసిందిగా లెక్కతో సహా తెలియజేస్తారు. దరఖాస్తుదారు 13న చెల్లించారనుకుంటే ఆ 7 రోజులు మినహాయింపు పొందుతాయి. అది ఈ నకళ్లకే వర్తిస్తుంది.

నాలుగో అంశం ఎదుట ఇలా రాస్తారు:

"4వ అంశంలో 'కాలువ' అన్నది వీధి మురుగు కాలువా, పంట కాలువా, పొలాల డ్రెయినా తెలుపగలరు. ఏ సంవత్సరానికి కావాలో కూడా తెలుపగలరు. మిగిలిన అంశాలకు సమాధానం పైన ఇచ్చాము."

ఈ ప్రశ్నలో మూడు సంగతులు గమనించండి. ఏ మాట దగ్గర అనుమానం వచ్చిందో అది చూపింది. ఎంచుకోవడానికి వీలుగా అర్థాలను వరుసగా పెట్టింది. అవతలి మనిషి రెండు మాటల్లో జవాబు చెప్పగలరు. "వివరంగా రాయండి" అని మాత్రమే అంటే, ఏది అర్థం కాలేదో తెలియక ఆయన అదే వాక్యం మళ్లీ రాసి పంపే అవకాశం ఉంది.

"ఎందుకు కావాలి?" అని మాత్రం అడగకూడదు. సమాచారం కోరడానికి కారణం చెప్పనక్కరలేదని సెక్షన్ 6(2) స్పష్టంగా అంటుంది. మీ ప్రశ్న "ఏది" అన్నదానికే పరిమితం కావాలి.

4. జవాబు రాకపోతే?

వేరే శాఖకు చెందిన అంశాన్ని 5 రోజులు దాటకుండా ఆ శాఖకు బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతుంది. అంటే పంట కాలువ అనే అర్థానికి మీ గడువు నవంబరు 9. అప్పటికి జవాబు రాకపోతే 8వ తేదీన నాలుగో అంశాన్ని జలవనరుల శాఖకు బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలియజేయండి. 12వ తేదీన "మా వీధి మురుగు కాలువ, గత రెండేళ్లు" అని జవాబు వచ్చిందనుకుందాం. ఆ వివరాలు మీరే ఇచ్చి, బదిలీ అక్కరలేదని ఆ శాఖకు ఒక లేఖ రాస్తే సరిపోతుంది. అసలు జవాబే రాకపోతే, మీ దగ్గరున్న వీధి మురుగు కాలువల వివరాలను, ఏ అర్థంలో, ఏ సంవత్సరానికి ఇస్తున్నారో చెప్పి డిసెంబరు 4 లోగా పంపండి.

5. ఈ పద్ధతికి హద్దు

అస్పష్టమైన అంశం మిగిలిన వాటికి ఆధారమైతే ఈ పద్ధతి పనికిరాదు. పై దరఖాస్తులో చిరునామా వేరే ఊరిదై ఉంటే "మా వార్డు" ఏదో తెలియదు. అప్పుడు 1, 2, 5 అంశాలు మూడూ ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడతాయి. ఊహించి ఏదో వార్డు రోడ్ల జాబితా పంపితే అది తప్పుడు సమాచారం అవుతుంది. అలాంటప్పుడు అందిన రోజే ఫోను నంబరు ఉంటే ఫోనులో, లేకపోతే తపాలాలో వార్డు అడగాలి. కాబట్టి ప్రశ్న రాసే ముందు మీరు చూసుకోవలసింది ఇది: ఈ ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా మారని అంశాలు ఏవి? అవి ఈ రోజే పంపదగినవి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక గ్రామ పంచాయతీకి ఈ దరఖాస్తు వచ్చింది: "(1) గత ఏడాది ఇంటిపన్ను వసూలు మొత్తం, (2) చెరువు వేలం వివరాలు, (3) వీధి కుళాయిల సంఖ్య." ఆ ఊళ్లో రెండు చెరువులున్నాయి. రెండింటికీ వేలం జరిగింది. 2వ అంశానికి ప్రశ్న అడగాలా, రెండు చెరువుల వివరాలూ ఇచ్చేయాలా? ఏది తక్కువ పనో, ఏది దరఖాస్తుదారుకు త్వరగా మేలు చేస్తుందో పోల్చి, కారణంతో సహా ఐదు వాక్యాల్లో రాయండి.