సీరం సీసా పగలకుండా చేరాలంటే

హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థ 30 మిల్లీలీటర్ల విటమిన్ సి సీరంతో మార్కెట్లోకి దిగుతోందనుకుందాం. సగం సరుకు ఫ్యాన్సీ షాపుల్లో అమ్మాలి, మిగతాది కొరియర్‌లో ఊరూరికీ పంపాలి. ఇలాంటి చోట చాలామంది ముందుగా లోగో రంగు గురించి ఆలోచిస్తారు. కానీ మొదట అడగాల్సింది సీసాలో పోసే ద్రవాన్ని. విటమిన్ సి (ఆస్కార్బిక్ ఆమ్లం) గాలి తగిలినా, వెలుతురు పడినా పాడవుతుంది. మొదట పసుపురంగుకు, తర్వాత ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. కాబట్టి పారదర్శకమైన సీసా ఎంత అందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు.

మిగిలేవి ప్రధానంగా రెండు దారులు. ఒకటి ముదురు గోధుమరంగు గాజు సీసా, దానికి డ్రాపర్. రెండోది గాలి లోపలికి చొరబడని ఎయిర్‌లెస్ పంపు. పంపు ద్రవాన్ని బాగా కాపాడుతుంది, పగలదు, కానీ ఖరీదు. గాజుకు ధర తక్కువ, చేతిలో బరువుగా ఉండి నాణ్యమైన వస్తువన్న నమ్మకం కలిగిస్తుంది. అయితే మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి వెళుతుంది. టొరంటోకు చెందిన డెసీమ్ సంస్థ 2016లో తెచ్చిన ‘ది ఆర్డినరీ’ శ్రేణిలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. చాలా సీరంలు డ్రాపర్ సీసాల్లో వస్తే, నీరు లేని ఒక విటమిన్ సి రకం మాత్రం ట్యూబులో వస్తుంది. డబ్బాల మీద హంగులేమీ ఉండవు, తెల్లటి లేబుల్, నల్లటి అక్షరాలు అంతే. ఒకే శ్రేణి అయినంత మాత్రాన అన్నిటికీ ఒకే సీసా ఉండాలన్న నియమం లేదని, లేబుల్ ఒకే తీరుగా ఉంటే చాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన సంస్థ ఖర్చు చూసుకుని గాజునే ఎంచుకుందనుకుందాం. సొంత ఆకారంలో సీసా కావాలంటే అచ్చు చేయించాలి, దానికి పెద్ద ఆర్డరు కావాలి. మొదటి విడతకు అది వద్దు. బజారులో దొరికే మామూలు సీసా కొని, ఆ డబ్బును మూత మీద పెట్టడమే తెలివైన పని.

ఎందుకంటే అసలు గండం అక్కడే ఉంది. విమానంలో సరుకు ఉండే చోట గాలి పీడనం నేలమీద కంటే తక్కువ. సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి ద్రవాన్ని పైకి నెడుతుంది. లారీ కుదుపులకు మూత మెల్లగా వదులవుతుంది. మామూలు మూతకైతే సీసా నోటికి రేకు సీల్ వేయొచ్చు, కానీ డ్రాపర్ గొట్టం లోపలికి దిగాలి కాబట్టి ఆ వీలు లేదు. అందుకే కొందరు సీసాను సీల్ చేసి మామూలు మూత బిగించి, డ్రాపర్‌ను పక్కన విడిగా పెట్టి పంపుతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. గొట్టం పొడవు ఎక్కువై సీసా అడుగును తాకుతుంటే, పార్శిల్ కిందపడ్డప్పుడు సీసా బాగానే ఉండి లోపల గొట్టం కొస విరుగుతుంది. ముఖానికి రాసుకునే ద్రవంలో గాజు ముక్క ఉండటం కంటే ప్రమాదం ఇంకేముంటుంది? కొసకూ అడుగుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ తప్పనిసరి.

కార్టన్ మీద పొదుపు చేయొచ్చు, కానీ దాన్ని మానేయలేం. ధర, పరిమాణం, తయారీ నెల, పదార్థాలు, లైసెన్సు నంబరు ఇవన్నీ చిన్న సీసా మీద చదవగలిగేలా పట్టవు. మన షాపుల్లో సరుకు కౌంటరు వెనక అరల్లో ఉంటుంది, కొనేవాళ్లు దూరం నుంచే చూస్తారు. అందుకే మెరుపు రేకుల కంటే పెద్ద అక్షరాల్లో పేరు ఎక్కువ పని చేస్తుంది. ఫోన్ తెరమీద కూడా అంతే. ముదురు రంగు మ్యాట్ డబ్బాలు ఫోటోలో బాగుంటాయి గానీ రవాణాలో రాసుకుని గీతలు పడతాయి.

బయటి పెట్టె కొలతే లాభాన్ని తినేస్తుంది. చాలా కొరియర్ సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు లెక్కగడతాయి. అసలు బరువు, ఈ లెక్క, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. సీరంతో పాటు ఫేస్‌వాష్, క్రీమ్ కలిపిన మూడు వస్తువుల సెట్ అసలు బరువు 350 గ్రాములే అనుకుందాం. 22×16×10 పెట్టెలో పెడితే లెక్క 704 గ్రాములు, అరకిలో మెట్టు దాటి కిలో ధర పడుతుంది. 20×15×8 పెట్టె అయితే 480 గ్రాములు, అరకిలోలోనే సరిపోతుంది. అయితే పెట్టె తగ్గించే తొందరలో గాజు గాజును తాకకూడదు, మధ్యలో అట్ట అడ్డు ఉండాలి.

అన్నీ కుదిరాయో లేదో పరీక్షలో తేలిపోతుంది. సీసాను టిష్యూలో చుట్టి ఒక రోజంతా తలకిందులుగా ఉంచితే లీకు బయటపడుతుంది. ఇస్టా 1ఎ అనే రవాణా పరీక్షలో పది కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మూల, అంచులు, ముఖాల మీద పదిసార్లు వదులుతారు. ఇది ప్రయోగశాలలో చేయించలేకపోతే, బల్ల ఎత్తు నుంచి ఇదే వరసలో సొంతంగా చేసి చూడొచ్చు. వేల సీసాలకు ఆర్డరు పెట్టే ముందు యాభై సీసాలు నింపి, మే నెల ఎండలో దూరపు ఊళ్లకు కొరియర్ చేయించి తిరిగి తెప్పించుకుని చూడండి. వాటిలో ఒక్కటి లీకైనా ఆర్డరు ఆపి, ముందు మూతను మార్చండి.