కంప్యూటరు లెక్కకు కాగితం మీద సరిచూపు

స్టిల్టు పార్కింగు మీద నాలుగు అంతస్తుల అపార్టుమెంటు. ఇంజనీరు దాని మోడల్‌ను ఈటాబ్స్‌లో గీసి, డెడ్ లోడ్ కింద పునాదులకు దిగే మొత్తం బరువు చూశారు. 1,330 టన్నులని వచ్చింది. తెర మీద ఎక్కడా ఎర్రగీత లేదు. అయినా ఆ అంకెను నమ్మే ముందు కాగితం తీయాలి.

స్లాబు 12 మీటర్లకు 15. మందం 125 మిల్లీమీటర్లు. ఘనపు మీటరు కాంక్రీటు రెండున్నర టన్నులు కాబట్టి ఒక స్లాబు 56 టన్నులు తూగుతుంది. బీములూ కాలమ్‌లూ 28, ఫ్లోరింగు 18. తొమ్మిదంగుళాల ఇటుక గోడ బారు మీటరుకు దాదాపు 1.2 టన్నులు, 80 మీటర్లకు 96. అంటే అంతస్తుకు 198. నాలుగింటికి 792. పైకప్పు మీద గోడలుండవు కాబట్టి పిట్టగోడతో కలిపి 117. మొత్తం సుమారు 910.

తేడా 420 టన్నులు. దాన్ని ఐదు స్లాబులకు పంచితే ఒక్కోదానికి 84 వస్తుంది. స్లాబు 56, బీములూ కాలమ్‌లూ 28 కలిపితే అదే అంకె! కాంక్రీటు సొంత బరువు రెండుసార్లు పడిందన్నమాట. Self Weight Multiplier అనే గడిలో డెడ్ లోడ్‌కు 1 ఉండాలి, ఫ్లోరింగుకు 0. రెండు చోట్లా 1 పెడితే ఇలాగే అవుతుంది. తేడా ఎంతో తెలిస్తే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది: 96 తక్కువైతే ఒక అంతస్తు గోడలు మరిచారు. అయితే మొత్తం సరిపోయినా గోడ పక్క బీము మీద పడి ఉండవచ్చు. అందుకే ఒకటి రెండు కాలమ్‌ల వాటా కూడా విడిగా వేసి చూడాలి.

తరువాత కాలమ్ అడుగు. బిగించామంటే తిరగదు, పిన్ అంటే స్వేచ్ఛగా తిరుగుతుంది. పైన బీము చాలా గట్టిదనుకుంటే, అదే గాలికి పిన్ మోడల్‌లో అడుగు అంతస్తు నాలుగు రెట్లు ఊగుతుంది. పిన్ అని పెట్టిన చోట మొమెంటు సున్నా రావాలి. రాకపోతే సపోర్టు తప్పుగా పెట్టినట్టే. నల్లరేగడి నేలలో విడి ఫుటింగు కొంత తిరుగుతుంది కనుక రెండు విధాలా నడిపి చూడడం నా దృష్టిలో తప్పనిసరి.

స్లాబును రిజిడ్ డయాఫ్రమ్ అనుకోవడం మూడోది. అంటే స్లాబు తన తలంలో అసలు సాగదు, వంగదు. మధ్యలో లిఫ్టు గోడ, దానికి చెరో పక్కా సమాన దూరంలో రెండు ఫ్రేములు ఉన్నాయనుకోండి. గోడ బిగువు 4, ఒక్కో ఫ్రేముది 1. భూకంప బలం 60 టన్నులైతే గోడకు 40, ఫ్రేములకు పదేసి. కానీ లిఫ్టు, మెట్లు, గాలి సందు కోసం గోడ చుట్టూ స్లాబును కోసేస్తే బలాన్ని గోడ దాకా చేర్చే దారి సన్నబడుతుంది. స్లాబు పూర్తిగా మెత్తబడితే పంపకం విస్తీర్ణాన్ని బట్టి 30, 15, 15 అవుతుంది. అసలు అంకె ఈ రెంటి మధ్యే ఉంటుంది. పదికి కట్టిన చివరి ఫ్రేము మీద పదిహేను దాకా పడవచ్చు. అలాంటి ప్లానులో డయాఫ్రమ్ గుర్తు తీసేసి, స్లాబును చిన్న పలకలుగా విడగొట్టి మళ్లీ నడపాలి. గోడను 40కీ, చివరి ఫ్రేములను 15కీ డిజైన్ చేయాలి.