మోకాలు ఎందుకు పట్టివేస్తుంది?

చెడుగుడు ఆడుతున్న ఒక ఇరవై యేండ్ల యువకుడు, కూతకు వచ్చినవానిని పట్టుకోబోయి గిరుక్కున తిరిగాడు. పాదం నేలమీదనే నిలిచిపోయినది. వంగియున్న మోకాలు మెలిపడినది. లోపల ‘టక్’మన్నది. ఆట ముగిసేవరకు ఎలాగో నడిచాడు. మరునాటికి మోకాలు వాచినది. వారం తరువాత గొంతుకూర్చుని లేవబోగా, కాలు సగంలో ఆగిపోయినది. వంగుతున్నది గాని పూర్తిగా చాచుటకు రావడంలేదు. లోపల అడ్డుపడినదేమిటి?

తొడ ఎముక అడుగు గుండ్రంగా ఉంటుంది. దానిని మోసే కాలి ఎముక పైభాగం ఇంచుమించు చదునైనది. గుండ్రని కుండ నేలపై నిలవడానికి చుట్టకుదురు పెట్టినట్లే, ప్రకృతి ఈ రెండింటి నడుమ నెలవంకల వంటి రెండు మృదులాస్థి మెత్తలను అమర్చినది. వీటికి మెనిస్కస్ అని పేరు. ఇవి శరీరభారాన్ని ఎక్కువ మేరకు పరచి ఎముకలపై ఒత్తిడిని తగ్గిస్తాయి. వంగిన మోకాలు బరువుమీద మెలిపడినప్పుడు మెత్త ఎముకల మధ్య నలిగి చిరుగుతుంది.

చిరుగు చిన్నదైతే దాని అంచు అప్పుడప్పుడు చిక్కుకొని వెంటనే విడిపోతుంది. నెలవంక పొడవునా చిరిగితే లోపలి భాగం రెండు కొనలవద్ద అంటియుండి, బొక్కెన పిడివలె మధ్యకు తొలగుతుంది. తలుపు సందులో పడిన పుల్లవలె అది మోకాలిని చాచనివ్వదు. నొప్పివల్ల, వాపువల్ల కూడా కాలు చాపలేకపోవచ్చును. కనుక వైద్యుడు పరీక్షించి నిజమైన అడ్డు ఉన్నదో లేదో తేల్చాలి.

ఎక్స్‌రేలో ఎముకలు కనబడతాయి గాని మెత్త కనబడదు. ఎమ్.ఆర్.ఐ. చిత్రంలో ఆరోగ్యకరమైన మెత్త నల్లగా ఉంటుంది. చిరుగు దాని అంచును తాకే తెల్లని గీతగా కనబడుతుంది. ఈ యువకుని చిత్రంలో తొలగిన ముక్క మోకాలి నడుమ మరొక నల్లని పట్టీవలె కనబడినది.

ఇక చికిత్స రక్తప్రసారంపై ఆధారపడియున్నది. పెద్దవారిలో రక్తనాళాలు మెత్త వెలుపలి అంచుకు మాత్రమే చేరుతాయి. అక్కడి చిరుగును కుడితే అతుకుకొనే అవకాశమున్నది. లోపలి అంచుకు రక్తం అందదు. అక్కడి చిరుగు సాధారణంగా అతకదు. యువకుని చిరుగు వెలుపలి అంచుకు దగ్గరగా ఉన్నందున, సన్నని రంధ్రాలగుండా దుర్భిణిని పంపి, ముక్కను స్వస్థానానికి జరిపి కుట్టారు. తిరిగి ఆటకు నెలలు పడుతుంది. ముక్కను కోసి తీసివేస్తే త్వరగా నడవవచ్చును. కాని మెత్త తగ్గినకొలది ఎముకలపై ఒత్తిడి పెరిగి, ముందుముందు కీలు అరిగే ప్రమాదమున్నది.

నడివయస్సు దాటినవారిలో సంగతి వేరు. వారి చిత్రాలలో కనబడే చిరుగు, తరచు ఏ బాధా కలిగించని అరుగుదల మాత్రమే. ఫిన్లండు వైద్యులు 2013లో ప్రకటించిన పరిశోధనలో, అరిగి చిరిగిన మెత్తను కోసినవారికి, కోసినట్లు నటించి వదిలినవారికి ఏడాది తరువాత బాధ తగ్గుటలో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. మోకాలు పట్టివేసినవారిని వారు అందులో చేర్చుకోలేదు. కాబట్టి అరుగుదలకు మొదట తొడ కండరాల వ్యాయామం. చాచనివ్వని అడ్డుకు మాత్రం జాప్యంలేని శస్త్రవైద్యుని పరీక్ష.